మీ ఫొటో నుంచి మస్కట్ కావాలంటే డిజైనర్‌కు ఉత్తరం ఎలా రాయాలి

వ్యాపారానికి గుర్తుగా వాడే బొమ్మనే మస్కట్ అంటాం. అది గీసిపెట్టమని నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఇలా ఉంటాయి:

"నమస్తే అండీ. నాకు చిన్న బిజినెస్ ఉంది. నా ఫొటో పంపుతున్నాను. దీంతో మంచి మస్కట్ చేసి పెట్టండి. క్యూట్‌గా, ప్రొఫెషనల్‌గా ఉండాలి. ఎంతవుతుందో చెప్పండి."

మర్యాదగా ఉంది, తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఇది చదివాక పెన్సిల్ పట్టుకుంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. వ్యాపారం ఏమిటో లేదు, బొమ్మ ఎక్కడ వాడతారో లేదు. 'క్యూట్' అనగానే నా తలలో ఒక బొమ్మ మెదులుతుంది, రాసినావిడ తలలో ఇంకో బొమ్మ ఉంటుంది. నేను ఊహించి గీసి పంపిస్తే "బాగుంది గానీ ఇది నాలా లేదండీ" అంటారు. మళ్లీ గీస్తాను. "ఇప్పుడు నాలా ఉంది గానీ బొమ్మలా లేదు" అంటారు. అలా రెండు వారాలు గడిచిపోతాయి.

ఆ రెండో మాటలోనే అసలు చిక్కంతా ఉంది. ఫొటోలో మీ ముఖంలో ఉన్నదంతా పడుతుంది. మస్కట్‌లో రెండు మూడు గుర్తులే మిగులుతాయి, మిగతావన్నీ రాలిపోతాయి. ఏవి మిగలాలో, ఏవి పోవాలో మీరు రాయకపోతే నేనే తేల్చాలి. నాకేమో మీరు తెలియదు, మీ ఫొటో ఒక్కటే తెలుసు. అందుకే ఈ ఉత్తరంలో అన్నిటికంటే విలువైన భాగం, ఫొటోలో దేన్ని వదిలేయాలో చెప్పే భాగం.

కుండీ మొక్కలు అమ్మే ఒకావిడకు చేసిన పనిని ఉదాహరణగా తీసుకుంటాను. ఆవిడ మొదటి ఉత్తరం పైన చెప్పినట్టే ఉంది. నేను కొన్ని ప్రశ్నలు పంపితే, వారం తర్వాత రెండో ఉత్తరం రాశారు. ఈ రెండింటి మధ్య ఆవిడ చేసిన పనే ఇక్కడ మీకు దశలవారీగా చెబుతున్నాను.

## మొదటి పని: బొమ్మ ఎక్కడెక్కడ ఉంటుందో రాసుకోవడం

ఫొటోల జోలికి వెళ్లకముందే ఒక కాగితం తీసుకుని, వచ్చే ఏడాదిలో ఈ బొమ్మ నిజంగా ఎక్కడ కనబడబోతోందో రాయండి. కలలు కాదు, కచ్చితంగా చేయబోయేవి. మొక్కలావిడ జాబితాలో ఐదు వచ్చాయి: కుండీకి అంటించే గుండ్రటి లేబుల్, ఫోన్‌లో ప్రొఫైల్ బొమ్మ, బిల్లు మీద వేసే రబ్బరు స్టాంపు, ఏప్రాన్ మీద ఎంబ్రాయిడరీ, ముందున్న బోర్డు. ఒక్కోదానికి పక్కన సైజు రాయమన్నాను. స్కేలు పెట్టి కొలిస్తే లేబుల్ వెడల్పు 20 మిల్లీమీటర్లు.

ఆ జాబితాలో అన్నిటికంటే చిన్న సైజే బొమ్మను శాసిస్తుంది. బోర్డు మీద ఎంత వివరమైనా పడుతుంది, దాని గురించి బెంగ అక్కర్లేదు. 20 మిల్లీమీటర్లలో నిలువెత్తు మనిషిని గీస్తే ముఖం కందిగింజంత అవుతుంది. రబ్బరు స్టాంపుకు ఒకటే రంగు, అందులో నీడలు, లేత రంగులు ఏవీ ఉండవు. ఎంబ్రాయిడరీలో దాదాపు ఒక మిల్లీమీటరు కంటే సన్నని గీత దారంతో సరిగ్గా రాదు. కనురెప్పల వెంట్రుకలు, కళ్లద్దాల సన్నని ఫ్రేము అక్కడ ముద్దగా అయిపోతాయి. ప్రొఫైల్ బొమ్మను చాలా యాప్‌లు గుండ్రంగా కత్తిరిస్తాయి కాబట్టి మూలల్లో ఉన్నది పోతుంది.

ఈ జాబితా చూడగానే ఒక సంగతి తేలిపోయింది. ఆవిడకు కావాల్సింది ఒక బొమ్మ కాదు, రెండు: బోర్డుకు నిలువెత్తు బొమ్మ, మిగతా నాలుగింటికి తల మాత్రమే ఉన్న బొమ్మ. ఇది ముందే తెలిస్తే తలను ముందు గీసి, దానికి శరీరం తగిలిస్తాను. చివర్లో తెలిస్తే మళ్లీ మొదటికొస్తుంది.

## రెండో పని: ఫొటోలు

సెల్ఫీ పంపకండి. ఫోన్ చేతి దూరంలోనో, ఇంకా దగ్గరలోనో ఉన్నప్పుడు, చెవుల కంటే ముక్కు కెమెరాకు బాగా దగ్గరవుతుంది. 30 సెంటీమీటర్ల దూరం నుంచి తీసిన సెల్ఫీలో ముక్కు, 1.5 మీటర్ల నుంచి తీసిన ఫొటోతో పోలిస్తే దాదాపు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుంది. చెవులు వెనక్కి పోతాయి, ముఖం సన్నబడుతుంది. నేను ఆ ముక్కునే మీ ముక్కనుకుని ఇంకాస్త పెంచి గీస్తే, మీకు బాధ కలగడంలో ఆశ్చర్యం లేదు.

ఇంకో ఇబ్బంది ఉంది. కొన్ని ఫోన్లు ముందు కెమెరాతో తీసిన ఫొటోను అద్దంలో చూసినట్టు తిప్పి దాచుకుంటాయి. పాపిడి ఎడమ నుంచి కుడికి మారిపోతుంది. మొక్కలావిడ ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ ఉంటే, పంపిన సెల్ఫీలో అది కుడి బుగ్గ మీద ఉంది. మనం అద్దంలో రోజూ చూసుకునే ముఖం అదే కాబట్టి మనకు తేడా తెలియదు, ఎదుటివాళ్లకు మాత్రం వెంటనే తెలుస్తుంది.

ఫోన్ ఇంకొకరి చేతికి ఇచ్చి వెనక కెమెరాతో, ఒకటిన్నర రెండు మీటర్ల దూరం నుంచి, మీ కళ్ల ఎత్తులో పట్టుకుని తీయమనండి. పగటిపూట కిటికీ పక్కన నిలబడండి. చాలా ఫోన్లలో బ్యూటీ మోడ్ చెప్పకుండానే పనిచేస్తూ ఉంటుంది, దాన్ని ఆపేయండి. ఎదురుగా ఒకటి, కొంచెం పక్కకు తిరిగి ఒకటి, పూర్తిగా పక్కనుంచి ఒకటి, నిలువెత్తుది ఒకటి చాలు. వీటన్నిటికంటే నాకు ఎక్కువ పనికొచ్చేది ఐదోది: మీరు పనిలో మునిగి ఉండగా, మీకు తెలియకుండా ఎవరైనా తీసిన ఫొటో. ఫొటో కోసం నిలబడగానే మనుషులందరూ ఒకేలా అయిపోతారు. కుండీలో మట్టి సర్దుతూ వంగి ఉన్నప్పుడే మీ భుజాలు, మెడ, చేతులు మీవిగా ఉంటాయి.

పంపేటప్పుడు వాట్సాప్‌లో మామూలు ఫొటోగా పంపితే సైజు తగ్గిపోయి వస్తుంది, డాక్యుమెంట్‌గా పంపండి. అయితే అలా పంపిన అసలు ఫైల్‌లో ఫొటో తీసిన చోటు వివరాలు కూడా ఉండొచ్చు. ఇంట్లోంచే వ్యాపారం చేసేవాళ్లు తీసేముందే కెమెరా సెట్టింగ్స్‌లో లొకేషన్ ఆపేసుకోవడం మంచిది. స్టూడియోలో తీయించుకున్న ఫొటో అయితే, దాని మీద హక్కు ఫొటోగ్రాఫర్‌ది అయ్యే అవకాశం ఉంది. ఆ ఫొటోనే చూసి గీయాలంటే వాళ్లను ఒక మాట అడగాలి. ఇంట్లోవాళ్లు తీసిన ఫొటోతో ఈ గొడవే ఉండదు.

## మూడో పని: మూడు గుర్తులు ఏరడం

ఇక్కడ తొందరపడొద్దు. మీ గురించి మీరే తేల్చుకోవద్దు కూడా. అద్దంలో చూసుకునేటప్పుడు మన కళ్లు మనకు నచ్చనివాటి మీదికే పోతాయి, వాటినే మన గుర్తులనుకుంటాం. మిమ్మల్ని తరచూ చూసే ఐదుగురిని ఒకే ప్రశ్న అడగండి: "నేను దూరంగా నడిచి వస్తుంటే నేనేనని ఎలా గుర్తుపడతారు?" నాలో ఏది బాగుంటుందని అడిగితే పొగడ్తలు వస్తాయి, వాటితో బొమ్మ గీయలేను.

మొక్కలావిడకు వచ్చిన జవాబులు ఇవి. ఐదుగురిలో నలుగురు, నడినెత్తిన ఉంగరాల జుట్టు కొప్పు, అందులో గుచ్చిన పెన్సిల్ అన్నారు. ముగ్గురు గుండ్రటి కళ్లద్దాలు అన్నారు. ఒక పాత కస్టమర్ మాత్రం, "ఏదైనా అడిగితే ఎడమ కనుబొమ్మ పైకెత్తి వింటారు" అన్నారట. పుట్టుమచ్చ గురించి ఒక్కరూ అనలేదు. ఉంచాలా తీసేయాలా అని ఆవిడ అప్పటిదాకా మథనపడింది దాని గురించే.

దీని వెనకున్న కారణం ఒకటే. ఒక ముఖాన్ని మనం గుర్తుపట్టేది అందరిలో ఉన్నదాన్ని బట్టి కాదు, అందరికంటే వేరుగా ఉన్నదాన్ని బట్టి. కార్టూనిస్టులు పెంచి గీసేదీ దాన్నే. రెండు కళ్లు, ఒక ముక్కు అందరికీ ఉంటాయి. నడినెత్తిన పెన్సిల్ గుచ్చిన కొప్పు అందరికీ ఉండదు.

తర్వాత ఒక కాగితాన్ని మూడు గడులు చేసి 'ఉండాలి', 'పెంచొచ్చు', 'వద్దు' అని రాసి, ఫొటోలో కనబడే ప్రతిదాన్నీ ఏదో ఒక గడిలో వేయండి. మొక్కలావిడ 'ఉండాలి' కింద కొప్పు, పెన్సిల్, గుండ్రటి కళ్లద్దాలు రాశారు. 'పెంచొచ్చు' కింద కొప్పు సైజు, కనుబొమ్మ ఎత్తడం రాశారు. 'వద్దు' కింద పుట్టుమచ్చ, మెడలో గొలుసు, చేతి గడియారం, చీర మీది పూల డిజైను, కళ్ల కింద గీతలు వచ్చాయి. నిజానికి ఆ మూడో గడి నిండితేనే నా పని తేలికవుతుంది. అది ఖాళీగా వచ్చిన ఉత్తరాలన్నీ చివరికి బొమ్మ బదులు పోర్ట్రెయిట్‌గా మిగిలాయి.

ఏరిన గుర్తుల్లో మారిపోయేవి ఉంటాయి. ఇప్పటి ఫ్రేము వచ్చే ఏడాది ఉండకపోవచ్చు, జుట్టు కత్తిరించుకోవచ్చు. అయినా ఫరవాలేదు. మస్కట్ మీతోపాటు పెద్దది కానక్కర్లేదు. కానీ ఒక నిర్ణయం ముందే తీసుకోండి: మీరు మారినా బొమ్మ మారదని ఒప్పుకోగలరా? ఒప్పుకోలేనిది ఏదైనా ఉంటే దాన్ని 'ఉండాలి' గడిలోంచి తీసేయండి.

## వయసు, ఒంటి రంగు

ఈ రెండూ అడగడానికి డిజైనర్‌కు మొహమాటం, చెప్పడానికి మీకు మొహమాటం. అందుకే ఎక్కువ గొడవలు వీటి మీదే వస్తాయి.

పెద్దవాళ్ల ఒళ్లు కొలిస్తే దాదాపు ఏడు నుంచి ఏడున్నర తలల పొడవు ఉంటుంది. మస్కట్లను సాధారణంగా రెండు నుంచి నాలుగు తలల్లో గీస్తాం, తల పెద్దదైతే దూరం నుంచి ముఖం కనబడుతుంది కాబట్టి. ఐతే రెండు తలలకు దిగామంటే ఎవరైనా చిన్నపిల్లలా కనిపిస్తారు. మొక్కలావిడకు నలభై దాటాయి. "నేను సలహా చెప్పే మనిషిలా ఉండాలి, స్కూలు పిల్లలా వద్దు" అన్నారు. ఆ ఒక్క వాక్యంతో మూడున్నర తలలు అని నేను నిర్ణయించుకున్నాను. మీకు తలల లెక్క తెలియక్కర్లేదు, ఎంత వయసు మనిషిలా అనిపించాలో చెబితే చాలు.

ఒంటి రంగు మాత్రం తప్పకుండా రాయండి. ఏమీ రాయకపోతే చాలామంది డిజైనర్ల చేయి తెలుపు వైపే జరుగుతుంది, నాతో సహా. అదొక పాడు అలవాటు. "కిటికీ పక్కన తీసిన రెండో ఫొటోలో బుగ్గ రంగే తీసుకోండి, తెల్లగా చేయొద్దు" అని రాస్తే ఇక వాదనే ఉండదు. ట్యూబ్‌లైట్ కింద తీసిన ఫొటోలో రంగు నిజంగా ఉండదు కాబట్టి ఏ ఫొటో అన్నది కూడా చెప్పాలి.

## ముఖం మీది, బొమ్మ ఎవరిది?

మీ ముఖాన్ని వ్యాపారానికి తగిలిస్తే రెండింటినీ విడదీయడం కష్టం. కేఎఫ్‌సీ గుర్తులో కనిపించే కల్నల్ శాండర్స్ నిజమైన మనిషి. 1964లో కంపెనీని అమ్మేశాడు, 1980లో చనిపోయాడు, ముఖం మాత్రం ఇప్పటికీ కంపెనీతోనే ఉంది. 1969లో డేవ్ థామస్ తన రెస్టారెంట్‌కు కూతురి ముద్దుపేరు వెండీ అని పెట్టి, రెండు జడలు వేయించి, ఆ పిల్ల రూపాన్నే గుర్తుగా వాడుకున్నాడు. నా పేరే పెట్టుకుని ఉండాల్సింది, నీ మీద భారం పడింది అని తర్వాత ఆయన కూతురితో అన్నాడు. అందుకని రేపు వ్యాపారం అమ్మినా, భాగస్వామి వచ్చినా ఈ బొమ్మ ఎవరితో వెళ్తుందో ఇప్పుడే ఆలోచించండి. బొమ్మకు మీ అసలు పేరు కాకుండా వేరే పేరు పెట్టడం ఒక తేలికైన ఉపాయం. మొక్కలావిడ అదే చేశారు.

హక్కుల సంగతి ఇంకోటి. నియమాలు దేశాన్ని బట్టి మారతాయి గానీ, చాలాచోట్ల బొమ్మ గీసినవాళ్లకే మొదట కాపీరైట్ ఉంటుంది. అలాంటి చోట్ల ముఖం మీదైనా, డబ్బు మీరు కట్టినా, రాసి సంతకం చేస్తే తప్ప అది మీ చేతికి రాదు. డిజైనర్లలో కొందరు పూర్తి హక్కులకు వేరే రేటు చెబుతారు, అందులో అన్యాయం లేదు. కానీ అది పని మొదలయ్యే ముందే తెలియాలి, బోర్డు రాయించాక కాదు.

## ఇక ఉత్తరం

ఆవిడ రెండో ఉత్తరం దాదాపు ఇలా ఉంది. వ్యక్తిగత వివరాలు తీసేశాను. ఆవిడ అనుమతితోనే ఇక్కడ పెడుతున్నాను.

> నమస్తే అండీ,
>
> నేను ఇంట్లో పెంచుకునే కుండీ మొక్కలు అమ్ముతాను. నా దగ్గర కొనేవాళ్లలో ఎక్కువమంది మొదటిసారి మొక్క పెంచుతున్నవాళ్లు. "చచ్చిపోతుందేమో" అన్న భయంతో వస్తారు. వాళ్లతో మాట్లాడి ఆ భయం పోగొట్టడమే నా పనిలో సగం. బొమ్మ చూస్తే అడగడానికి మొహమాటం లేని మనిషి అనిపించాలి.
>
> బొమ్మ వాడే చోట్లు: కుండీ లేబుల్ (గుండ్రం, 20 మి.మీ.), ప్రొఫైల్ బొమ్మ, ఒకే రంగు రబ్బరు స్టాంపు, ఏప్రాన్ మీద ఎంబ్రాయిడరీ (అరచేతి వెడల్పు), ముందు బోర్డు. మీరు చెప్పినట్టు తల ఒకటి, నిలువెత్తుది ఒకటి కావాలి.
>
> ఐదు ఫొటోలు డాక్యుమెంట్‌గా పంపాను. అన్నీ మా చెల్లెలు తీసినవే. మొదట పంపిన సెల్ఫీ వదిలేయండి, అది తిరగబడి ఉంది.
>
> తప్పకుండా ఉండాల్సినవి: నడినెత్తిన కొప్పు, అందులో పెన్సిల్, గుండ్రటి కళ్లద్దాలు. పెంచొచ్చు అనుకున్నవి: కొప్పు ఎంత పెద్దదైనా నాకు అభ్యంతరం లేదు, ఎడమ కనుబొమ్మ కొంచెం పైకి. వద్దనుకున్నవి: పుట్టుమచ్చ, గొలుసు, గడియారం, చీర డిజైను, కళ్ల కింద గీతలు. ఒళ్లు సన్నబరచొద్దు, నేను ఇలాగే ఉంటాను. ఒంటి రంగు రెండో ఫొటోలోది తీసుకోండి.
>
> నలభై ఏళ్ల మనిషిలా ఉండాలి, చిన్నపిల్లలా వద్దు. చేతిలో మొక్క పెట్టాలా అన్నది మీ ఇష్టం. ఆకుపచ్చ వాడితే లేబుల్ ప్రింటులో ఎలా వస్తుందో చూసి చెప్పండి, పాత లేబుల్ మీద ఫోన్‌లో మెరిసిన రంగు కాగితం మీద చచ్చిపోయింది.
>
> ముందు పెన్సిల్‌తో మూడు రకాల స్కెచ్‌లు చూపిస్తే ఒకటి ఎంచుకుంటాను. దాని మీద రెండుసార్లు మార్పులు అడగనివ్వండి. అంతకుమించితే వేరేగా తీసుకోండి. రంగులు ఆ తర్వాతే వేయండి. అభిప్రాయం నేనొక్కదాన్నే చెబుతాను, ఇంట్లో అందరినీ అడిగి నేనే ఒకే మాటగా రాస్తాను.
>
> బొమ్మ మీద పూర్తి హక్కులు నాకు రాసివ్వడానికి, హక్కులు మీ దగ్గరే ఉంచుకుని నాకు వాడుకునే అనుమతి మాత్రం ఇవ్వడానికి, రెండింటికీ రేట్లు విడిగా చెప్పండి. నా ఫొటోలు ఈ పనికే వాడండి, అయిపోయాక తీసేయండి. మీ పనుల్లో ఈ బొమ్మను చూపించుకోవచ్చు, కానీ నేను బోర్డు పెట్టాకే.
>
> ఇంకా ఏమైనా తెలియాలంటే అడగండి. సాయంత్రం పూట ఫోన్‌లో మాట్లాడగలను.

ఇందులో 'క్యూట్' లేదు, 'ప్రొఫెషనల్' లేదు. "అడగడానికి మొహమాటం లేని మనిషి" అన్న మాట ఉంది. దాన్ని నేను గీయగలను: తల ఒక పక్కకు వంచి, కనుబొమ్మ ఎత్తి, నోరు కొంచెం తెరిచి, వింటున్నట్టు. "ఒళ్లు సన్నబరచొద్దు" అన్నది నేను అడగలేని ప్రశ్నకు జవాబు. అభిప్రాయం ఒక్కరే చెబుతారన్న వాక్యం చదివితే ఏ డిజైనర్‌కైనా టెన్షన్ సగం తగ్గుతుంది. నలుగురు నాలుగు మెసేజ్‌లు పెడితే, ఒకరు పెంచమన్న కొప్పును ఇంకొకరు తగ్గించమంటారు.

రేటు అడిగేముందు పని ఎంతో చెప్పడం కూడా గమనించండి. ఇంత వివరం ఉంటే నేను నికరంగా ఒక అంకె చెప్పగలను. మొదటి ఉత్తరానికైతే ఎందుకైనా మంచిదని ఎక్కువే చెప్పేవాణ్ని.

## స్కెచ్‌లు వచ్చాక ఏం చూడాలి, ఏం రాయాలి

మూడు స్కెచ్‌లు పంపాను. మొదటిదాన్ని చూసి ఇంట్లోవాళ్లందరూ "అచ్చం నువ్వే" అన్నారట. ఆవిడ సంతోషంగా అదే ఖాయం చేయబోయారు. నేనే ఆపాను. "అచ్చం నువ్వే" అన్నారంటే అది పోర్ట్రెయిట్ అయిందని అనుమానించాలి. మిమ్మల్ని ఎరిగినవాళ్లకు పోలిక కనిపించి ముచ్చటేస్తుంది. ఎరగనివాళ్లకు అది ఎవరో ఒకావిడ, అంతే.

పరీక్షలు రెండు చేశాం, మీరూ చేయొచ్చు. మొదటిది, స్కెచ్‌ను లేబుల్ సైజుకు ప్రింటు తీసి, కుండీకి అంటించి, చేయి చాచినంత దూరంలో పెట్టి చూడటం. ఫోన్‌లో పెద్దది చేసి చూస్తే ఏదైనా బాగానే ఉంటుంది, దాన్ని నమ్మొద్దు. మొదటి స్కెచ్‌లో కళ్లు, పెదాలు, కనుబొమ్మ అన్నీ కలిసి మరకలా కనబడ్డాయి. రెండోది, బొమ్మ బయటి ఆకారమంతా నల్లరంగుతో నింపేసి చూడటం. లోపలి వివరాలేవీ లేకుండా ఆ నల్లటి ఆకారాన్ని చూసి ఆవిడ కస్టమర్లలో ఒకరిద్దరు గుర్తుపట్టాలి. మొదటి స్కెచ్ నల్లగా చేస్తే మామూలు తలకాయ. మూడోది నల్లగా చేస్తే తలంత పెద్ద కొప్పు, అడ్డంగా పొడుచుకొచ్చిన పెన్సిల్. అడిగిన ముగ్గురిలో ఇద్దరు ఆవిడ పేరు చెప్పారు. మూడోదే ఖాయమైంది.

దాని మీద ఆవిడ మొదట పంపిన మెసేజ్: "బాగుంది, కానీ ఏదో తేడాగా ఉంది." దీంతో ఏమీ చేయలేను. ఎక్కడ అనిపిస్తోంది, ఎవరిలా అనిపిస్తోంది అని అడిగితే ఇలా రాశారు: "గడ్డం కోణంగా ఉండడం వల్ల కోప్పడే టీచరులా ఉన్నాను. ప్రశ్న అడగడానికి భయమేస్తుంది." ఇది చాలు. గడ్డం గుండ్రం చేసి, తలను ఒక పక్కకు వంచాను, పది నిమిషాల పని. మీకు కనిపించిన ఇబ్బంది రాయండి, పరిష్కారం డిజైనర్‌కు వదిలేయండి. "గడ్డం 5 మిల్లీమీటర్లు తగ్గించండి" అని రాస్తే నేను అంతే తగ్గిస్తాను, టీచరు మాత్రం అలాగే ఉంటుంది.

ఒకచోట మాత్రం ఆవిడతో నాకు పేచీ వచ్చింది. పెన్సిల్ బదులు లేత కొమ్మ పెడదామన్నాను, మొక్కల వ్యాపారం కదా అని. ఆవిడ ఒప్పుకోలేదు. "కొమ్మ ఎవరైనా పెట్టుకుంటారండీ, పెన్సిల్‌తో నేను కుండీల మీద పేర్లు రాస్తాను" అన్నారు. ఆ సంగతి అప్పటిదాకా ఉత్తరంలో లేదు. ఆవిడ మాటే నిజం. చివరికి పెన్సిల్ ఉంచి, వెనక రబ్బరు ఉండే చోట రెండు ఆకులు మొలిపించాను. ఎంబ్రాయిడరీ కోసం పెన్సిల్ లావు పెంచి, సన్నటి గీతలన్నీ తీసేశాను. స్టాంపులో కళ్లద్దాలు ఉత్త వలయాలుగా మిగిలాయి, కనుబొమ్మ పోయింది. ఆ సైజులో అది పోవాల్సిందే.

మార్పులు ఏ దశలో అడుగుతున్నారన్నది ముఖ్యం. తల సైజు, నిలబడే తీరు, ముఖంలో భావం పెన్సిల్ దశలోనే తేల్చేయండి. రంగులు వేశాక "చేయి ఇటు పెడితే?" అంటే దాదాపు కొత్త బొమ్మే.

## ఫైళ్లు అందాక

చివర్లో వచ్చేది ఒక్క `.png` అయితే పని సగమే అయినట్టు. ఎంత పెద్దది చేసినా చెదరని వెక్టర్ ఫైల్, అంటే `.svg` గానీ, వెక్టర్‌గానే ఉన్న `.pdf` గానీ అడగండి. బోర్డు రాసేవాళ్లకు, ఎంబ్రాయిడరీవాళ్లకు అదే కావాలి. దాంతోపాటు వెనక రంగు లేని `.png`, ఒకే రంగులో ఒకటి, ముదురు రంగు మీద వాడటానికి తెల్లగీతలతో ఒకటి ఉండాలి. ప్రింటుకు వాడిన రంగుల అంకెలు కాగితం మీద రాయించుకోండి. స్క్రీన్ మీద మెరిసే ఆకుపచ్చలు కొన్నిటిని ప్రింటు సిరాతో తేలేం. మొక్కలావిడకు అందుకే కొంచెం పసుపు కలిసిన, తక్కువ మెరుపున్న ఆకుపచ్చ తీసుకుని, ముందు ఒక్క షీటు లేబుళ్లు తీయించి చూశాం.

`.svg` అని పేరున్నంత మాత్రాన లోపల వెక్టర్ ఉందని కాదు. ఫొటో లాంటి బొమ్మనే అందులో పెట్టి పంపేవాళ్లూ ఉన్నారు. ఫైల్‌ను బ్రౌజర్‌లో తెరిచి కళ్లద్దాల అంచు స్క్రీన్ నిండేదాకా పెద్దది చేయండి. గీత నునుపుగా ఉంటే సరే, మెట్లు మెట్లుగా చెదిరితే వెనక్కి పంపండి. హక్కుల కాగితం మీద సంతకం అయ్యాకే చివరి వాయిదా కట్టండి. ఫొటోలు తీసేశామని డిజైనర్ నుంచి ఒక్క వాక్యం మెసేజ్ తీసుకోండి.

మొక్కలావిడ ఆరు నెలల తర్వాత జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నారు. కొప్పు లేకపోవడంతో పెన్సిల్ చెవి వెనక్కి మారింది. బొమ్మను మార్చమని ఫోన్ చేస్తారేమో అనుకున్నాను. చేశారు, కానీ ఏప్రాన్‌కు ఇంకో సైజు కావాలని.